ముప్పై తిథులు, ముప్పై అయిదు పద్యాలు: కార్తీక ఉపవాసాలకు పద్య సంకలనం కూర్చిన తీరు



కార్తీక మాసంలో ఇంటిల్లిపాదీ రోజుకొక పద్యం చదువుకోవడానికి మనం కూర్చిన సంకలనం చాలామందికి అందింది. అందుకున్నవారు అడిగిన ప్రశ్నలు దాదాపు ఒకటే. ఈ పద్యం ఎందుకు పెట్టారు, ఆ పద్యం ఎందుకు లేదు, పద్యాలకు ఒకటి రెండు మూడు అని అంకెలు ఎందుకు వేయలేదు? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాం. ఇందులో కొంత శతకాల చరిత్ర ఉంది, కొంత పంచాంగం లెక్క ఉంది. మన వాళ్ళు ఇన్ని రాష్ట్రాలలో స్థిరపడినందువల్ల ఆ రెండోదే మాకు ఎక్కువ పని పెట్టింది.

ముందు చరిత్ర. తెలుగులో భక్తి పద్యాలను ఏరి కూర్చడం సులువు కావడానికి కారణం శతకం నిర్మాణమే. శతకంలో ప్రతి పద్యమూ ముక్తకం, అంటే ముందు పద్యంతోగాని వెనక పద్యంతోగాని పని లేకుండా తనంతట తాను నిలబడేది. పద్యం చివర వచ్చే మకుటం ఒక్కటే వాటినన్నిటినీ కలిపి ఉంచే దారం. ఒక పూవును తీసినా దండ తెగదు. కావ్యంలో అలా కుదరదు. కథ మధ్య నుంచి పద్యం తీస్తే ఎవరు ఎవరితో అంటున్నారో చెప్పుకోవాలి.

ఈ శతక సంప్రదాయం మొదలైన దగ్గరే మన వాళ్ళకు చుట్టరికం ఉంది. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు రాసిన వృషాధిప శతకం తెలుగులో తొలి శతకాలలో ఒకటి. బసవేశ్వరుణ్ణి పిలుస్తూ సాగే ఆ శతకంలో తెలుగు పద్యాలతో పాటు అరవం, కన్నడం, మరాఠీ మాటలతో అల్లిన పద్యాలు కూడా ఉన్నాయి. సోమనాథుడు చివరి రోజులు కర్ణాటకలో మాగడి దగ్గరి కల్య గ్రామంలో గడిపాడని సంప్రదాయం చెబుతుంది. ఇరుగు పొరుగు భాషల మధ్య బతుకుతూ తెలుగులో పద్యం చెప్పుకోవడం మనతో మొదలైన సంగతి కాదన్నమాట.

అచ్చు వచ్చాక ఏరి కూర్చే పని మద్రాసులో ఊపందుకుంది. బ్రౌను దొర 1829లో వేమన పద్యాలు 693 అచ్చు వేయించాడు. పదేళ్ళ తరువాత, 1839లో, అదే మనిషి 1164 పద్యాలతో మళ్ళీ వేయించాడు. కవి ఒకడే, కూర్చినవాడూ ఒకడే, లెక్క మాత్రం మారింది. ఎన్ని పద్యాలు వస్తాయన్నది కవి మీద కాదు, కూర్చేవాడు పెట్టుకున్న నియమం మీద ఆధారపడుతుంది. తరువాత వావిళ్ళ వారు మద్రాసు నుంచే శతకాలను భక్తి, నీతి, శృంగారం, అధిక్షేపం అని రసాన్ని బట్టి విడదీసి సంపుటాలుగా వేశారు. ఇవాళ మన పెద్దల బీరువాలలో అట్టలు ఊడిపోయి కనిపించే శతక సంపుటాలలో చాలావాటికి ఆ ముద్రాపకులే మూలం. అయితే వావిళ్ళ వారు శతకాన్ని శతకంగానే ఉంచారు, విడగొట్టలేదు. మనం చేసింది ఒక మెట్టు కింది పని. వేరువేరు శతకాల నుంచి ఒక్కొక్క పద్యం తీసి ఒక నెలకు అమర్చాం. అందుకే నియమాలు ఇంకా గట్టిగా ఉండాల్సి వచ్చింది.

మొదటి నియమం: పద్యం తిథికి చెందాలి, తేదీకీ రోజు వరుసకీ కాదు.

కార్తీక పురాణం ముప్పై అధ్యాయాలు, రోజుకొకటి. ఆ లెక్కనే ముప్పై పద్యాలు వరుసగా పెడితే సరిపోతుంది కదా అని మొదట అందరికీ తోస్తుంది. కానీ చాంద్రమాసం సుమారు 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. కాబట్టి మాసం ఒక ఏడాది 29 రోజులు వస్తుంది, ఒక ఏడాది 30 వస్తుంది. తిథులు మాత్రం ఎప్పుడూ ముప్పయ్యే. ఒక్కోసారి సూర్యోదయానికి తగలకుండానే తిథి జారిపోతుంది, దాన్నే క్షయ తిథి అంటాం. ఒక్కోసారి ఒకే తిథి రెండు సూర్యోదయాలకు ఉంటుంది, అది వృద్ధి. రోజుల వరుసన పద్యాలు పెడితే నాగుల చవితి పద్యం పంచమి నాడు చదివే ఏడాది వస్తుంది. అందుకే పద్యానికి పైన అంకె బదులు తిథి పేరు వేశాం. ఉదయం పంచాంగంలో ఏ తిథి ఉంటే ఆ పద్యం. క్షయ తిథి వస్తే ఆ రోజు రెండు పద్యాలు, వృద్ధి వస్తే అదే పద్యం రెండు రోజులు. ఇలా చేస్తే పుస్తకాన్ని ఏ ఏటికి ఆ ఏడు మార్చి అచ్చు వేయనక్కరలేదు.

సోమవారాలు వేరే లెక్క. ఉపవాసాలలో పెద్ద పీట సోమవారానిదే. కానీ సోమవారం ప్రతి ఏడూ ఒకే తిథికి రాదు. ఒక మాసంలో నాలుగు వస్తాయి, కొన్నిసార్లు అయిదు. అందుకని ముప్పై తిథి పద్యాలకు తోడు అయిదు సోమవారపు పద్యాలు వెనక విడిగా ఉంచాం. మొత్తం ముప్పై అయిదు. సోమవారం నాడు తిథి పద్యం ఉదయం స్నానం తరువాత, సోమవారపు పద్యం సాయంత్రం నక్షత్రం చూసి నక్తం విడిచే ముందు. కార్తీక పురాణం సోమవార వ్రతాన్ని ఉపవాసం, ఏకభుక్తం, నక్తం, అయాచితం, స్నానం, తిలదానం అని ఆరు రకాలుగా చెబుతుంది. ఆరోగ్యం బాగాలేనివారు స్నానంతోనే సరిపెట్టుకోవచ్చన్నమాట. కాబట్టి సోమవారపు పద్యాలలో కటిక ఉపవాసం ఉన్నవారికి మాత్రమే అతికే పద్యం ఏదీ లేకుండా చూశాం. మందులు వేసుకునే పెద్దవాళ్ళు కూడా ఆ పద్యాన్ని తమదిగా చదువుకోగలగాలి.

రెండో నియమం: సంకలనంలో ప్రారంభ పద్యమూ ఉండకూడదు, ముగింపు పద్యమూ ఉండకూడదు.

ఇది వినడానికి వింతగా ఉంటుంది. కారణం మన సభ్యులు ఉన్న చోట్లే. కర్ణాటకలోనూ మహారాష్ట్రలోనూ యానాంలోనూ మాసం అమావాస్యతో ముగుస్తుంది. దీపావళి అమావాస్య మరునాడు, శుద్ధ పాడ్యమితో, కార్తీకం మొదలు. ఒడిశాలో మాసం పూర్ణిమతో ముగుస్తుంది. అక్కడ కుమార పూర్ణిమ మరునాడే కార్తీకం మొదలై, కార్తీక పూర్ణిమతో అయిపోతుంది. బరంపురం వైపు మన వాళ్ళలో తెలుగు పంచాంగమే పాటించే ఇళ్ళు ఉన్నాయి, వీధి అంతా హబిష చేస్తుంటే వారితో పాటే మొదలుపెట్టే ఇళ్ళూ ఉన్నాయి. పూర్ణిమ మరునాడు అక్కడ ఛాడఖాయి, నెలంతా మానిన మాంసాహారం మళ్ళీ తినే రోజు. సరిగ్గా ఆ రోజుకు సోలాపూరులో మన పద్మశాలి ఇంట్లో కార్తీకం ఇంకా సగం మిగిలే ఉంటుంది.

రెండు లెక్కలకూ కలిసివచ్చేది శుద్ధ పక్షం పదిహేను తిథులే. బహుళ పక్షం ఒడిశా వారికి దీపావళికి ముందు వస్తుంది, మనలో మిగిలినవారికి పూర్ణిమ తరువాత వస్తుంది. తిథి పేరుతో పద్యం పెడితే ఇక్కడ కూడా చిక్కు విడిపోతుంది. ఒడిశా వారు బహుళ పాడ్యమి పద్యంతో మొదలుపెట్టి పూర్ణిమ పద్యంతో ఆపుతారు, మిగిలినవారు శుద్ధ పాడ్యమి నుంచి అమావాస్య దాకా చదువుతారు. పుస్తకం ఒక్కటే. కానీ దీనికి ఒక షరతు ఉంది. పూర్ణిమ పద్యం ఒకరికి చివరిది, ఇంకొకరికి నడిమిది. అమావాస్య ఒకరికి ముగింపు, ఇంకొకరికి దీపావళి. అందువల్ల వ్రతం ముగిసింది, సెలవు అనే ధోరణి పద్యం పూర్ణిమకూ పనికిరాదు, అమావాస్యకూ పనికిరాదు. బహుళ చతుర్దశి ఒడిశా వారికి నరక చతుర్దశి. మనలో మిగిలినవారికి మాస శివరాత్రి మాత్రమే. మాస శివరాత్రి ప్రతి బహుళ చతుర్దశికీ ఉంటుంది కాబట్టి రెండు చోట్లా చెల్లేలా అక్కడ శివపరమైన పద్యమే ఎంచాం.

తమిళనాడు సంగతి మూడో రకం. అక్కడి కార్తిగై సౌరమాసం, నవంబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ దాకా. మన కార్తీక పూర్ణిమ, వారి కార్తిగై దీపం కొన్నేళ్ళు దగ్గరగా వస్తాయి, కొన్నేళ్ళు నెల ఎడంగా వస్తాయి. 2023లో దీపం నవంబరు 26న, మన పూర్ణిమ 27న. 2024లో మన పూర్ణిమ నవంబరు 15న, దీపం డిసెంబరు 13న. కార్తీకం మొత్తం తులారాశి, వృశ్చిక రాశుల మధ్య పడే మాసం. పూర్ణిమ నాటికి సూర్యుడు వృశ్చికంలోకి వచ్చేసి ఉంటే రెండూ కలుస్తాయి, రాకపోతే కలవవు. అందుకని పూర్ణిమ పద్యానికి దీపం ప్రస్తావన ఉన్నదే కావాలని పట్టుబట్టలేదు. తమిళనాడు సభ్యులకు మేము చెప్పేది ఒకటే. తిథి పద్యాలు తెలుగు పంచాంగం ప్రకారం చదవండి. సోమవారపు పద్యాలు మాత్రం సౌర కార్తిగై సోమవారాలలో, శివాలయంలో శంఖాభిషేకం జరిగే రోజున కూడా చదువుకోవచ్చు. అవి తిథితో ముడిపడినవి కావు.

మూడో నియమం: వివరణ పద్యం కన్నా పొడుగు కాకూడదు.

దీనికి ఒక్క పద్యాన్ని పూర్తిగా చూపిస్తాం. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకంలో శివుణ్ణి నిలదీసే పద్యం ఒకటుంది. నా వాకిట కాపలా ఉండమన్నానా, ఆడదాని దగ్గరకు రాయబారం వెళ్ళమన్నానా, ఎంగిలి పెట్టి తింటేగాని కుదరదన్నానా అని వరుసగా అడిగి, నిన్ను నమ్ముకున్న మంచివాళ్ళను కాపాడమన్న ఒక్క విన్నపాన్ని ఎందుకు పట్టించుకోవు అంటాడు. దీన్ని పెట్టాలా వద్దా అని మాలో చాలాసేపు మాట నడిచింది.

అభ్యంతరాలు మూడు. పద్యం అర్థం కావాలంటే మూడు కథలు తెలియాలి. కాపలా బాణాసురుడిది, రాయబారం సుందరమూర్తి నాయనారుది, ఎంగిలి తిన్నడిది. రెండోది, రాయబారం అన్నచోట కవి వాడిన మాట కాస్త మోటుది, పిల్లల ముందు చదవడానికి కొందరికి జంకు. మూడోది, తిన్నడు పెట్టిన ఎంగిలి మాంసమని అందరికీ తెలుసు. మాంసం మానిన నెలలో ఆ కథ ఎందుకన్నారు.

మేము ఇలా తూచాం. మూడు కథలకూ కథకొక వాక్యం చాలు, కాబట్టి వివరణ మూడు వాక్యాలలో ముగుస్తుంది, నాలుగు పాదాల పద్యం కన్నా పొడుగు కాదు. పైగా ఆ మూడింటిలో రెండు నాయనార్ల కథలు. అవి అరవ నేల మీద పుట్టి, సోమనాథుడి బసవ పురాణం వంటి కావ్యాల ద్వారా తెలుగులోకి వచ్చి, ధూర్జటి పద్యంలో ఒదిగినవి. మదురైలో ఉన్న మన పిల్లవాడికి సుందరర్ కథ పక్కింట్లో తెలుసు, కణ్ణప్ప నాయనార్ గుడి గోడ మీద తెలుసు. ఆ తిన్నడే ఈ కణ్ణప్ప అని తెలిసే చోటు ఈ పద్యం. మోటు మాట విషయంలో మాటను మార్చకూడదని తేల్చుకున్నాం. కవి మాటను దిద్దే హక్కు సంకలనం చేసేవారికి లేదు. పెడితే ఉన్నది ఉన్నట్టు పెట్టాలి, లేదా మానాలి. వివరణలో మాత్రం ప్రేయసి దగ్గరకు రాయబారం అని మర్యాదగా రాశాం. మాంసం మాట పద్యంలో లేదు, ఎంగిలి మాత్రమే ఉంది. మాంసం పేరు ఎత్తే పద్యాలను ఈ నెలకు పక్కన పెట్టాం, తిన్నణ్ణి మాత్రం పక్కన పెట్టలేదు. పద్యం సోమవారపు విభాగంలో చోటు చేసుకుంది.

ఇదే తూకంలో వీగిపోయిన పద్యాలూ ఉన్నాయి. శ్లేష మీద నడిచే పద్యం, రెండర్థాలూ విప్పి చెబితేగాని రుచి తెలియని పద్యం, ఎంత గొప్పదైనా వదిలేశాం. అవి కూర్చుని చదువుకోవాల్సినవి, వినగానే పట్టుబడేవి కావు.

వినడం గురించి ఎందుకు అంటున్నామంటే, మన ఇళ్ళలో చాలాచోట్ల తెలుగు నోట ఉంది, కంటికి అందదు. హోసూరులోగాని కోయంబత్తూరులోగాని ఒక పెద్దాయన చదువుతుంటే మిగతా ఇల్లంతా వింటుంది. అందుకే ఎక్కువగా ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం పద్యాలే తీసుకున్నాం. ఒక్కొక్కటి సుమారు ఎనభై అక్షరాలు, నింపాదిగా చదివినా నిమిషం లోపే. సీస పద్యం దీనికి దాదాపు రెట్టింపు. ధర్మపురి శేషప్ప నరసింహ శతకం అంతా సీసాలే కాబట్టి, అది ఎంతమందికి ఇష్టమో తెలిసినా ఒక్కటే తీసుకోగలిగాం. దాన్ని ఉద్యోగాల హడావుడి లేని సెలవురోజుకు అట్టేపెట్టుకోవచ్చు.

కార్తీకం హరిహరులిద్దరిదీ కాబట్టి రెండు ఏకాదశులకూ, క్షీరాబ్ది ద్వాదశికీ విష్ణుపరమైన పద్యాలు పెట్టాం. ద్వాదశికి కంచర్ల గోపన్న దాశరథీ శతకం నుంచి ఒకటి. శుద్ధ ఏకాదశికి మాత్రం శతకం దాటి పోతన భాగవతానికి వెళ్ళాం. గజేంద్రుడు ఒంట్లో సత్తువ అయిపోయి మొర పెట్టుకునే పద్యం కథలోదే అయినా, కథ తెలియనివారు లేరు. పొద్దున్నుంచి మంచినీళ్ళ మీద ఉన్నవాళ్ళకు అది ఎలా వినిపిస్తుందో మేము చెప్పనక్కరలేదు. సోలాపూరు వారికి అదే రోజు పండరిపురంలో కార్తీకి ఏకాదశి.

నాలుగో నియమం: ఒక దైవాన్ని ఎత్తడానికి ఇంకొకరిని దించే పద్యం వద్దు.

తొలినాటి శైవ శతకాలలో ఇతర మతాల మీద, శివభక్తుడు కానివాడి మీద గట్టి మాటలున్నాయి. అవి ఆ కాలపు వాదాల మధ్య పుట్టినవి. వైష్ణవ, శైవ కుటుంబాలు కలిసి కూర్చునే మన సభలో అవి చదవలేం. స్త్రీలను కించపరిచే పద్యాలకూ ఇదే నియమం. అయితే రాజులను తిట్టే ధూర్జటి పద్యాలు వేరు. అధికారం ముందు తల వంచనని చెప్పడం ఆయన భక్తిలో భాగం. అది తీసేస్తే ధూర్జటి ధూర్జటి కాడు. కాబట్టి ఒకటి ఉంచాం.

ఇక్కడ చదివేవారికి ఒక మాట తప్పక చెప్పాలి. ఇలా ఏరి పెట్టిన సంకలనం కవులను ఉన్నదానికన్నా మెత్తగా చూపిస్తుంది. సోమనాథుడంటే ఈ రెండు పద్యాలే అనుకుంటే పొరపాటు. అందుకే పుస్తకం చివరి పేజీలో ఏ రకం పద్యాలు వదిలామో, ఎందుకు వదిలామో రాశాం. మూల శతకం తెచ్చుకుని చదవాలనుకునేవారు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

అయిదో నియమం: రెండు వేరువేరు ముద్రణలతో సరిచూడని పద్యం అచ్చుకు వెళ్ళకూడదు.

ఫోనుల్లో తిరిగే పద్యాలలో తప్పులు చాలా ఉన్నాయి. వాటిని పట్టుకోవడానికి పండితులే కానక్కరలేదు, ఛందస్సే పట్టిస్తుంది. వృత్తపద్యంలో నాలుగు పాదాలకూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అదే ప్రాస. మూడు పాదాలలో లకారం ఉండి నాలుగోదానిలో నకారం కనిపిస్తే, మాట అక్కడ మారిందని అనుమానించాలి. ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి. లెక్కపెడితే పందొమ్మిది వస్తే ఒకటి రాలిపోయినట్టే. అన్నిటికన్నా ఎక్కువగా దొరికిన తప్పు అరసున్నది. పాత అచ్చులో తలఁపు అని ఉంటుంది. టైపు చేసేవారు అరసున్న దొరకక నిండు సున్న పెట్టి తలంపు అంటారు. అర్థం మారదు, కానీ లఘువు గురువై గణం చెడుతుంది, చదివేవారి గొంతు సరిగ్గా అక్కడే తడబడుతుంది. పిల్లలు గట్టిగా చదువుతూ ఒకేచోట పదేపదే ఆగుతున్నారంటే, పిల్లలను కాదు, ముందు పద్యాన్ని చూడాలి.

ఈ అయిదు నియమాలకూ నిలిచినవే ఆ ముప్పై అయిదు. మీ ఇంట్లో తరతరాలుగా కార్తీకంలో చదివే పద్యం ఇందులో లేకపోతే, ఏ తిథి నాడు చదువుతారో, ఏ పుస్తకంలో నుంచి చదువుతారో రాసి పంపండి. తాత ముత్తాతల నోట విన్నదే తప్ప పుస్తకం లేదంటే, గొంతుతో చదివి పంపినా సరే. ప్రాస, యతి మేము సరిచూస్తాం. సోమవారాలకు అయిదో పద్యం ప్రతి ఏడూ అవసరపడదు కాబట్టి, వచ్చే ముద్రణలో కొత్త పద్యానికి మొదట తెరిచే చోటు అదే.